కోణాన్ని కొలవకుండా సగం చేయడం

కాగితం మీద ఒక కోణం ఉంది. అది ఎన్ని డిగ్రీలో మనకు తెలియదు. తెలుసుకుందామంటే కోణమానిని లేదు. చేతిలో ఉన్నవి రెండే: అంకెలు చెరిగిపోయిన ఒక స్కేలు, ఒక వృత్తలేఖిని. వీటితో ఆ కోణాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలు చేయాలి. కంటి అంచనాతో ఇంచుమించుగా చేయడం కాదు, ఇవి రెండూ సమానమే అని ఎవరు అడిగినా రుజువు చూపగలిగేలా చేయాలి.

ఈ పని బడిలో చదువుకున్న వాళ్లంతా ఏదో ఒక రోజు చేసిందే. వృత్తలేఖినితో ఒక చాపం, ఆపైన మరో రెండు చాపాలు, అవి కలిసిన చోటు నుంచి శీర్షానికి ఒక గీత. కోణ సమద్విఖండన రేఖ వచ్చేసింది. పరీక్షలో మార్కులు కూడా వచ్చేశాయి. అయితే ఆ గీత కోణాన్ని సరిగ్గా సగం ఎందుకు చేస్తుందో అడిగితే చాలామంది ఆగిపోతారు. ఆ ప్రశ్నలో ఒక చిక్కు ఉంది. ఈ మొత్తం పనిలో కోణాన్ని మనం ఒక్కసారి కూడా కొలవలేదు. స్కేలుకు తిన్నని గీత గీయడం తప్ప మరేమీ రాదు. వృత్తలేఖినికి ఒక దూరాన్ని పట్టి ఉంచి, అదే దూరాన్ని ఇంకో చోట దించడం తప్ప మరేమీ రాదు. కోణం అంటే ఏమిటో ఈ రెండింటిలో ఏ పనిముట్టుకూ తెలియదు. అయినా కోణం సగమైంది. పొడవులు మాత్రమే తెలిసిన పనిముట్లతో కోణం మీద ఇంత ఖచ్చితమైన పని ఎలా జరిగింది?

ముందు బొమ్మ గీద్దాం. చదివేవారు పక్కన ఒక తెల్ల కాగితం పెట్టుకుంటే మంచిది. ఒక 70 డిగ్రీల కోణం తీసుకుందాం. డిగ్రీల సంఖ్య మనం లెక్క సరిచూసుకోవడానికే, నిర్మాణానికి దానితో పని లేదు. కోణం శీర్షాన్ని క అందాం. వృత్తలేఖినిని 5 సెంటీమీటర్లు తెరిచి, ముల్లును క మీద గుచ్చి, రెండు భుజాలనూ కోస్తూ ఒక చాపం గీయాలి. ఆ చాపం ఒక భుజాన్ని కోసిన చోటు గ, రెండో భుజాన్ని కోసిన చోటు చ. ఇప్పుడు వృత్తలేఖినిని 4 సెంటీమీటర్లకు మార్చి, ముల్లును గ మీద పెట్టి, కోణం లోపల, శీర్షానికి దూరంగా ఉండే వైపున ఒక చాపం వేయాలి. తెరిచిన దూరాన్ని కదపకుండా ముల్లును చ మీదకు మార్చి, మొదటి చాపాన్ని కోసేలా మరొకటి వేయాలి. రెండూ కలిసిన చోటు ప. స్కేలు పెట్టి క నుంచి ప మీదుగా గీత గీస్తే పని పూర్తయినట్టే. గీతకు అటూ ఇటూ 35 డిగ్రీల చొప్పున రెండు కోణాలు ఉంటాయి.

ఇక్కడ మనం వాడిన 5, 4 అనే అంకెలకు ప్రత్యేకత ఏమీ లేదు. మొదటిది 6 అయినా, రెండోది 7 అయినా ఫలితం ఒకటే. పట్టింపు రెండే చోట్ల. గ, చ రెండూ క నుంచి ఒకే దూరంలో ఉండాలి. ప అనేది గ నుంచి, చ నుంచి ఒకే దూరంలో ఉండాలి. మొదటి దూరం, రెండో దూరం ఒకదానితో ఒకటి సమానం కానక్కరలేదు. రెండు సార్లూ ఒకే వ్యాసార్ధం వాడాలని పట్టుబట్టే పిల్లలు చాలామంది కనిపిస్తారు. అలా వాడితే తప్పు లేదు, క, గ, ప, చ నాలుగూ కలిసి ఒక సమచతుర్భుజం అవుతుంది. కానీ అది అవసరం కాదు. ఏది అవసరమో, ఏది అలవాటో తేల్చేది కారణం ఒక్కటే.

కారణం చూడటానికి బొమ్మలో మరో రెండు గీతలు కలుపుదాం: గ నుంచి ప వరకు ఒకటి, చ నుంచి ప వరకు ఒకటి. ఇప్పుడు క–ప గీతకు రెండు వైపులా రెండు త్రిభుజాలు కనిపిస్తాయి. ఒకటి కగప, మరొకటి కచప. వీటి భుజాలను జతగా చూడండి. కగ, కచ సమానం, ఎందుకంటే రెండూ ఒకే చాపం మీదవి, ఒక్కొక్కటి 5 సెంటీమీటర్లు. గప, చప సమానం, ఎందుకంటే వృత్తలేఖినిని కదపకుండా రెండు సార్లు వాడాం, ఒక్కొక్కటి 4 సెంటీమీటర్లు. మూడో భుజం కప రెండు త్రిభుజాలకూ ఉమ్మడి. మూడు జతల భుజాలూ సమానమయ్యాయి. మూడు భుజాలు సమానమైన రెండు త్రిభుజాలు సర్వసమానాలు, అంటే ఒకదాని మీద ఒకటి పెడితే అతికినట్టు సరిపోతాయి. అప్పుడు ఒకదానిలో క దగ్గరున్న కోణం రెండోదానిలో క దగ్గరున్న కోణానికి సమానం కాక తప్పదు. ఆ రెండు కోణాలే మనకు కావలసిన రెండు సగాలు.

రుజువు ఇంతే. దీన్ని ఇక్కడితో వదిలేయవచ్చు, బడి పుస్తకాలు వదిలేస్తాయి కూడా. కానీ అసలు బరువంతా "మూడు భుజాలు సమానమైతే త్రిభుజాలు సర్వసమానం" అనే ఒక్క మాట మీద ఉంది. భుజాలు సమానమైతే కోణాలు కూడా సమానం కావాలని ఎక్కడుంది? నాలుగు భుజాల ఆకారాల్లో అలా జరగదు. ఒకే పొడవున్న నాలుగు వెదురు పుల్లలను కొసల దగ్గర మేకులతో కలిపి చతురస్రం చేయండి. ఒక మూల పట్టుకుని నెడితే అది ఒరిగిపోయి ఏటవాలు ఆకారం అవుతుంది. పుల్లల పొడవులు మారలేదు, కోణాలు మాత్రం మారిపోయాయి. మూడు పుల్లలతో త్రిభుజం చేసి ఎంత నెట్టినా అది కదలదు. మూడు పొడవులు ఖరారైన క్షణానే మూడు కోణాలూ ఖరారైపోతాయి.

ఎందుకు కదలదు అన్నదానికి వృత్తలేఖినే జవాబు చెబుతుంది. ఒక భుజాన్ని, ఉదాహరణకు కప ను, కాగితం మీద కదలకుండా ఉంచాం అనుకోండి. మూడో మూల క నుంచి 5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, అంటే క కేంద్రంగా గీసిన వృత్తం మీద ఎక్కడో ఉండాలి. అది ప నుంచి 4 సెంటీమీటర్ల దూరంలోనూ ఉండాలి, అంటే ప కేంద్రంగా గీసిన మరో వృత్తం మీద కూడా ఉండాలి. రెండు వృత్తాలు కోసుకునేది రెండే చోట్ల, గీతకు ఇటువైపు ఒకటి, అటువైపు ఒకటి. కాబట్టి మూడో మూలకు ఇటు ఒకే చోటు, అటు ఒకే చోటు. ఆ రెండు చోట్లు కప గీతకు అటూ ఇటూ ప్రతిబింబాలు. మన బొమ్మలో అవే గ, చ. త్రిభుజం కదలకపోవడం అంటే ఇదే: మూడో మూల నిలబడటానికి ఒక్క వైపున రెండో చోటు లేదు. పొడవులు తప్ప మరేమీ తెలియని పనిముట్టు కోణాన్ని సగం చేయగలగడానికి కారణం ఈ ఒక్క గుణం. పొడవుల సమానత్వాన్ని మనం ఇచ్చాం, దాన్ని కోణాల సమానత్వంగా మార్చింది త్రిభుజం.

ఈ నిర్మాణం మనకు చేరిన పాత రూపం యూక్లిడ్‌ది. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో ఆయన కూర్చిన ఎలిమెంట్స్ మొదటి భాగంలో ఇది తొమ్మిదో ప్రతిపాదన. దానికి సరిగ్గా ముందున్న ఎనిమిదో ప్రతిపాదన మూడు భుజాల సర్వసమానత్వం. ఆ వరస కావాలని పెట్టిందే. రుజువుకు ఏది కావాలో అది ముందు గుమ్మంలో నిలబెట్టి, ఆ వెంటనే నిర్మాణాన్ని లోపలికి పిలిచాడు. పదో ప్రతిపాదనలో ఒక రేఖాఖండాన్ని సగం చేయడానికి ఈ కోణ సమద్విఖండననే వాడుకున్నాడు.

యూక్లిడ్ చేసే పద్ధతి మనదానికి కొద్దిగా భిన్నం. గ, చ గుర్తించాక ఆయన వాటిని ఒక గీతతో కలిపి, ఆ గీత మీద ఒక సమబాహు త్రిభుజం నిలబెడతాడు. ఆ త్రిభుజం కొసే ఆయన ప. అంటే రెండో వ్యాసార్ధాన్ని మన ఇష్టానికి వదలకుండా గచ దూరానికే సమానం చేశాడు. సమబాహు త్రిభుజం గీయడం మొదటి ప్రతిపాదనలోనే నేర్పాడు కాబట్టి కొత్త పరికరం ఏదీ తేనక్కరలేదు. ఇందులో జాగ్రత్త పడాల్సిన చోటు ఒకటుంది. ఇచ్చిన కోణం 60 డిగ్రీలైతే క, గ, చ మూడూ కలిసి అప్పటికే ఒక సమబాహు త్రిభుజం. కొత్త త్రిభుజాన్ని శీర్షం ఉన్న వైపే నిలబెడితే ప వెళ్లి సరిగ్గా క మీదే కూర్చుంటుంది. ఒకే బిందువు నుంచి గీత గీయలేం. కాబట్టి త్రిభుజాన్ని శీర్షానికి అవతలి వైపున నిలబెట్టాలి. మనం చాపాలను శీర్షానికి దూరంగా వేయడంలో కూడా ఇదే జాగ్రత్త ఉంది, అయితే దానికి ఇంకో బలమైన కారణం కూడా ఉంది. అది చేతి పనికి సంబంధించినది.

రుజువులో గీతలకు మందం ఉండదు, వృత్తలేఖిని వదులుకాదు. కాగితం మీద రెండూ జరుగుతాయి. కాబట్టి రెండో వ్యాసార్ధం ఎంత తీసుకోవాలి అనే ప్రశ్న రుజువుకు అక్కర లేకపోయినా గీసే చేతికి చాలా ముఖ్యం. "సగం కంటే ఎక్కువ తీసుకోండి" అని పుస్తకం చెబుతుంది. మన బొమ్మలో గ, చ ల మధ్య దూరం దాదాపు 5.7 సెంటీమీటర్లు. దానిలో సగం 2.9 లోపే. వృత్తలేఖినిని 2.5 కు తెరిస్తే రెండు చాపాలు ఒకదాన్నొకటి అందుకోలేవు, మధ్యలో ఖాళీ మిగులుతుంది. పిల్లలు సాధారణంగా చేసే పొరపాటు ఇదే, ఇది వెంటనే కంటికి కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం లేదు. కంటికి కనిపించని పొరపాటు వేరే ఉంది. గ మీద చాపం వేసి చ మీదకు ముల్లు మార్చేటప్పుడు వృత్తలేఖిని కాస్త తెరుచుకోవడం.

అది 4 నుంచి 4.1 కి, అంటే ఒక్క మిల్లీమీటరు జరిగిందనుకుందాం. చాపాలు కలుస్తాయి, బొమ్మ అందంగానే ఉంటుంది. కానీ ప తన అసలు చోటు నుంచి పక్కకు 0.7 మిల్లీమీటర్లు తొలగుతుంది. శీర్షం నుంచి ప దాదాపు 7 సెంటీమీటర్ల దూరంలో ఉంది కాబట్టి ఈ తొలగడం గీతను 0.6 డిగ్రీలు తిప్పుతుంది. 35, 35 రావలసిన చోట 35.6, 34.4 వస్తాయి. ఇప్పుడు అదే పొరపాటుతో చాపాలను శీర్షం ఉన్న వైపు వేశామనుకోండి. అక్కడ కూడా అవి కలుస్తాయి, ఆ కలిసే చోటు కూడా సిద్ధాంతం ప్రకారం సమద్విఖండన రేఖ మీదిదే. కానీ అది శీర్షానికి 1.2 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అదే 0.7 మిల్లీమీటర్ల తొలగడం అంత దగ్గరలో గీతను 3 డిగ్రీలకు పైగా తిప్పేస్తుంది. రెండు సగాలూ 38, 32 దగ్గరకు వస్తాయి. చాపాలు దూరంగా వేయమని చెప్పడం వెనక ఉన్న లెక్క ఇది.

అలాగని రెండో వ్యాసార్ధాన్ని మరీ పెంచినా చిక్కే. 10 సెంటీమీటర్లు తెరిచి చూడండి. రెండు చాపాలు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు, చాలా తక్కువ వాలుతో కోసుకుంటాయి. పెన్సిల్ గీతకు మందం ఉంటుంది కాబట్టి అవి కలిసిన చోటు చుక్కలా కాకుండా అడ్డంగా సాగిన మరకలా కనిపిస్తుంది. ఆ మరకలో ఎక్కడ స్కేలు ఆనించాలో తెలియదు, పైగా అది సాగేది సరిగ్గా మనకు నష్టం చేసే దిశలో, రేఖకు అడ్డంగా. 3 సెంటీమీటర్లు తీసుకుంటే మరక నిలువుగా, రేఖ వెంబడి సాగుతుంది, ఆ మేరకు నయమే, కానీ ప శీర్షానికి దగ్గరకు వస్తుంది. నా సలహా: చాపాలు ఇంచుమించు లంబకోణంలో కోసుకునేలా తెరవండి. గ, చ ల మధ్య దూరంలో 10కి 7 వంతులు తీసుకుంటే అలా కోసుకుంటాయి. మన బొమ్మలో అది 4 సెంటీమీటర్లు, అందుకే మొదట ఆ అంకె తీసుకున్నాను. మొదటి చాపాన్ని కూడా చిన్నదిగా వేయకూడదు. శీర్షం దగ్గర 2 సెంటీమీటర్ల చాపంతో మొదలుపెడితే తరవాత వచ్చే ప్రతి మిల్లీమీటరు పొరపాటూ పెద్దదవుతుంది.

కాగితం వదిలి నేల మీదకు వస్తే ఇదే నిర్మాణం మన దేశంలో చాలా పాత పనిలో కనిపిస్తుంది. యజ్ఞవేదికలు కట్టడానికి ముందు దిక్కులు ఖచ్చితంగా తెలియాలి. ఆ పద్ధతిని కాత్యాయన శుల్బసూత్రం ఇలా చెబుతుంది. చదునైన నేల మీద ఒక శంకువు, అంటే నిటారుగా ఒక కొయ్య మేకు పాతాలి. ఆ మేకు ఎత్తుకు సమానమైన తాడుతో దాని చుట్టూ వృత్తం గీయాలి. పొద్దున శంకువు నీడ పొడవుగా వృత్తం బయటి దాకా ఉంటుంది, పొద్దెక్కేకొద్దీ కురచబడుతూ ఒక క్షణాన నీడ కొస వృత్తాన్ని తాకుతుంది. అక్కడ ఒక గుర్తు. మధ్యాహ్నం దాటాక నీడ మళ్లీ పెరిగి ఇంకో చోట వృత్తాన్ని తాకుతుంది. అక్కడ రెండో గుర్తు. రెండు గుర్తులనూ కలిపే గీత తూర్పు పడమరలు. ఆ తరవాత ఒక తాడు రెండు కొసలనూ ఆ రెండు గుర్తుల దగ్గర పాతిన మేకులకు తగిలించి, తాడు మధ్య భాగాన్ని పట్టుకుని ఒకసారి దక్షిణానికి, ఒకసారి ఉత్తరానికి బిగించి లాగి గుర్తులు పెడితే ఉత్తర దక్షిణాల గీత వస్తుంది.

మన బొమ్మతో దీన్ని పోల్చి చూడండి. శంకువు మన క. వృత్తం మన మొదటి చాపం. రెండు నీడల కొసలు గ, చ. మధ్యకు మడిచి లాగిన తాడు రెండు సగాలూ సమానం కాబట్టి అవి మన రెండో వ్యాసార్ధం, తాడు మధ్య నిలిచిన చోటు ప. పొద్దుటి నీడకూ సాయంత్రపు నీడకూ మధ్య ఉన్న కోణాన్ని సగం చేస్తే వచ్చేదే ఉత్తర దక్షిణ రేఖ. ఆకాశంలో సూర్యుడు ఒకే ఎత్తులో ఉన్నప్పుడే నీడ పొడవు ఒకటే అవుతుంది. ఆ రెండు క్షణాల్లో అతను ఉత్తర దక్షిణ రేఖకు అటూ ఇటూ సమాన కోణాల్లో ఉంటాడు. సమాన పొడవులు చూసి సమాన కోణాలు పట్టుకోవడం ఇక్కడా అదే.

హైదరాబాదులోనో విజయవాడలోనో మేడ మీద ఎవరైనా దీన్ని చేసి చూడవచ్చు, ఒక విషయం గుర్తుంచుకుంటే చాలు. మన ప్రాంతం కర్కట రేఖకు దక్షిణంగా ఉంది కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండు సార్లు నడినెత్తికి వస్తాడు, హైదరాబాదులో ఒకసారి మేలో, ఒకసారి ఆగస్టులో. ఆ రెంటి మధ్య రోజుల్లో మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. చలికాలంలో నీడలు వాయవ్యంలోనూ ఈశాన్యంలోనూ పడి వాటి మధ్య కోణం ఉత్తరం వైపు ఉంటుంది, ఎండాకాలం నడిమిలో అది దక్షిణం వైపు ఉంటుంది. నడినెత్తి రోజుల చుట్టుపక్కల రెండు నీడలూ దాదాపు ఎదురెదురుగా, 180 డిగ్రీలకు దగ్గరగా పడతాయి. నిర్మాణం అప్పుడు కూడా పనిచేస్తుంది. 180 డిగ్రీలను సగం చేస్తే 90, అంటే సరళరేఖ మీద ఒక బిందువు దగ్గర లంబం గీయడం అన్నమాట. విడిగా నేర్పే ఆ లంబ నిర్మాణం నిజానికి కోణ సమద్విఖండనమే. ఖచ్చితత్వానికి హద్దు వేరే చోట ఉంది: సూర్యుడి వెడల్పు వల్ల నీడ కొస మసకగా ఉంటుంది. పైగా పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య సూర్యుడు కొంచెం ఉత్తరానికో దక్షిణానికో జరుగుతాడు. మార్చి, సెప్టెంబరు నెలల్లో ఆ జరగడం రోజుకు 0.4 డిగ్రీలు, జూన్, డిసెంబరు మూడో వారాల్లో దాదాపు సున్నా. అందుకే ఈ పని డిసెంబరులో చేస్తే మేలు.

రెండు భాగాలు ఇంత తేలిక అయినప్పుడు మూడు భాగాలు ఎందుకు కావు అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. గ, చ లను కలిపిన గీతను మూడు సమాన ముక్కలు చేసి, ఆ గుర్తుల నుంచి శీర్షానికి గీతలు గీస్తే చాలదా? చాలదు. ఒక లంబకోణం మీద ప్రయత్నించండి. మూడు చోట్లా 30 రావాలి. వచ్చేవి 26.6, 36.9, 26.6. మధ్య ముక్క శీర్షానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అదే పొడవు అక్కడ పెద్ద కోణం చేస్తుంది. సగం చేసినప్పుడు ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే రెండు ముక్కలూ శీర్షానికి ఒకేలా ఎదురుగా ఉంటాయి, ఒకటి రెండోదాని ప్రతిబింబం. మూడు ముక్కల్లో మధ్యదానికి ప్రతిబింబం అదే, పక్కవాటితో దానికి పోలిక లేదు.

వేరే ఏ ఉపాయమైనా ఉందేమో అని శతాబ్దాల తరబడి వెతికారు. 1837 లో ఫ్రెంచి గణితవేత్త పియర్ వాంట్‌జెల్ లేదని రుజువు చేశాడు. ఆ రుజువు సారాంశం ఇది. స్కేలు, వృత్తలేఖినులతో చేసే ప్రతి పనినీ లెక్కగా రాస్తే కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు, వర్గమూలాలు తప్ప మరేమీ రావు. 60 డిగ్రీలను మూడు భాగాలు చేసి 20 డిగ్రీలు పట్టాలంటే ఒక ఘన సమీకరణాన్ని సాధించాలి, దాని జవాబు వర్గమూలాల గొలుసుతో అందదు. కొన్ని కోణాలకు ఈ అడ్డు లేదు. 90 డిగ్రీలను మూడు భాగాలు చేయవచ్చు, 60 గీసి సగం చేస్తే 30 చేతికి వస్తుంది కదా. కానీ ఏ కోణం ఇచ్చినా పనిచేసే ఒకే పద్ధతి మాత్రం లేదు. ఇప్పటికీ ఎవరైనా అలాంటి పద్ధతి కనిపెట్టామని అంటే, వాళ్ల బొమ్మలో ఏదో ఒక కోణం ఎంత కొంచెమైనా తేడాగా ఉంటుంది, లేదంటే స్కేలు మీద గుర్తులు పెట్టి వాడి ఉంటారు.

సగం చేయడం ఒక్కటే తెలిసినవాడు మూడో వంతుకు ఎంత దగ్గరకైనా వెళ్లగలడు. 60 డిగ్రీలను రెండు సార్లు సగం చేస్తే 15. ఆ 15 ని మళ్లీ రెండు సార్లు సగం చేస్తే 3.75, మొదటిదానికి చేరిస్తే 18.75. ఇంకో రెండు సార్లు చేసి కలిపితే 19.69. ఇంకో రెండు సార్లకు 19.92. ప్రతిసారీ మిగిలిన దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఎనిమిది సమద్విఖండనాల తరవాత 20 కి 0.08 డిగ్రీల దూరంలో ఉన్నాం, అది మామూలు పెన్సిల్ గీతల పొరపాటు కంటే తక్కువ. కాగితానికి అది చాలు. కానీ ఎన్ని సార్లు చేసినా ఆ మిగులు సున్నా కాదు. వాంట్‌జెల్ చెప్పిన "సాధ్యం కాదు" అన్న మాటకూ, వడ్రంగి "సరిపోయింది" అనే మాటకూ మధ్య ఉన్న తేడా ఆ మిగులే.

మన బళ్లలో సాధారణంగా ఈ నిర్మాణాన్ని ఒక తరగతిలో, త్రిభుజాల సర్వసమానత్వాన్ని మరో తరగతిలో చెబుతారు. మొదటిది చేతికి, రెండోది నోటికి వస్తుంది. రెంటినీ కలిపే రోజు రాదు. యూక్లిడ్ ఎనిమిదో ప్రతిపాదన పక్కనే తొమ్మిదో దాన్ని పెట్టింది అవి విడిపోకూడదనే. లెక్కల మాస్టార్లకు నా విన్నపం ఒకటే. సర్వసమానత్వం చెప్పే రోజున పిల్లలతో ఒక కోణం గీయించి, ఒకే గ, చ ల నుంచి 4, 5, 6 సెంటీమీటర్లతో మూడు జతల చాపాలు వేయించండి. వచ్చే మూడు బిందువులూ, శీర్షమూ ఒకే గీత మీద ఉండాలి. ఒకటి పక్కకు తప్పితే ఆ జత వేసేటప్పుడు వృత్తలేఖిని కదిలిందని అర్థం, కోణమానిని తీయకుండానే తప్పు దొరుకుతుంది. మూడూ ఒకే గీత మీద ఎందుకు పడ్డాయో అడగండి, సర్వసమానత్వ నియమాన్ని పిల్లలే చెబుతారు.